చెయ్యి వేసి చూడని పందొమ్మిది రోజులు

రాహేలుకు కోపం రావడం కొత్తేమీ కాదు. లాల్‌దర్వాజా గల్లీల్లో పన్నెండేళ్ళుగా ఎండనక వాననక ఇల్లిల్లూ తిరిగే కుటుంబ నియంత్రణ నర్సుకు కోపం రాకపోతేనే ఆశ్చర్యపడాలి. కానీ ఎనభై మూడో సంవత్సరం మార్చిలో వచ్చిన కోపం వేరు. అది ముందు వరమ్మ మీదికి పోయింది, తర్వాత డాక్టరమ్మ మీదికి పోయింది, అటు తిరిగి ఇటు తిరిగి చివరికి రాహేలు నెత్తి మీదే వచ్చి కూర్చుంది.

వరమ్మది గల్లీలో పేరున్న ఇల్లు. అఫ్జల్‌గంజ్‌లో బెల్లం, చింతపండు టోకున అమ్మే దుకాణం వాళ్ళది. భర్త పోయాక దుకాణం కొడుకు సోమశేఖర్ చేతికి వచ్చింది, ఇల్లు మాత్రం వరమ్మ చేతిలోనే ఉండిపోయింది. మడి, మైల, దేవుడి గూడు, ఏ రోజు ఎవరు ఏ గుమ్మం దాటాలి, అన్నీ ఆమె నోటి మాటే. రాహేలు కిరస్తానీ. అందుచేత ఆమెకు ఆ ఇంట్లో అరుగు దాకానే చోటు. ఒక ముక్కాలి పీట వేసేవారు, దాహమంటే విడిగా పెట్టిన గ్లాసులో నీళ్ళు పోసేవారు. ఇలాంటివి రోజుకు పది చూసి చూసి రాహేలుకు చర్మం మొద్దుబారింది. పనయితే చాలు, పీట ఎక్కడ వేస్తే ఏం అనుకునేది.

ఆ ఇంటి కోడలు కళావతికి ఇరవై నాలుగేళ్ళు, ఇద్దరు పిల్లలు. ఇప్పట్లో మూడో కాన్పు వద్దని, ఆపరేషన్ అంటే భయమని, గర్భసంచిలో పెట్టే కాపర్ టీ అయితే ఎప్పుడు కావాలంటే అప్పుడు తీయించుకోవచ్చు కదా అని ఆమే రాహేలును గుడి దగ్గర పట్టుకుని అడిగింది. మొగుడు సరేనన్నాడు. అత్తగారు మూతి ముడుచుకుని సరేనంది. మార్చి నాలుగున, ముట్టు స్నానం చేసి ఇంట్లోకి వచ్చిన మర్నాడే, కుటుంబ నియంత్రణ కేంద్రానికి వచ్చి వేయించుకుంది.

ఆ రోజు కేంద్రంలో నలభై ఒక్క మంది ఆడవాళ్ళు. మార్చి అంటే లెక్కలు తేల్చే నెల. ఏడాదికి ఇన్ని అని పైవాళ్ళు గీసిన గీతను ఈ నెలాఖరులోగా ఎలాగైనా దాటాలి. బల్ల ఎక్కు, బల్ల దిగు, తర్వాతి మనిషి. వేసే ముందు తెల్లబట్ట అవుతోందా, వాసన వస్తోందా, పొత్తికడుపులో నొప్పి ఉందా అని అడగాలి, చూడాలి, ఉంటే ముందు దానికి మందిచ్చి తగ్గాక వేయాలి. పుస్తకంలో అలానే రాసి ఉంది. కళావతికి రెండు నెలలుగా తెల్లబట్ట అవుతోంది, వాసన కూడా ఉంది. ఎవరైనా అడిగితే చెప్పేదే. డాక్టరమ్మ అడగలేదు. పక్కన నిలబడి పేర్లు రాసుకుంటున్న రాహేలూ అడగలేదు.

ఐదో రోజు రాహేలు పరామర్శకు వెళ్ళింది. ఎప్పటిలా అరుగు మీద పీట పడింది.

"కోడల్ని జర పిలువుండ్రి అమ్మా, ఎట్లున్నదో అడుగుత."

"అది బయట కూసున్నది సిస్టరమ్మా," అంది వరమ్మ. "మీరు గా కాపర్ టీ పెట్టిన నాటి సంది మరక కనిపిస్తనే ఉన్నది. ఎనుక అర్రల ఉన్నది. నువ్వేమడుగుతవో నన్నడుగు, నేనే చెప్త."

అత్త ఇంట్లోకి వెళ్ళింది, నడవ అవతల నిలబడి వెనక గది వైపు కేకేసింది, జవాబు విని తిరిగి అరుగు మీదికి వచ్చింది. రాయబారం నడిపే మంత్రిలా నడుము మీద చెయ్యి పెట్టుకుని చెప్పింది. "కడుపుల గుంజుతున్నదట. నడుం నొస్తున్నదట. నిన్నటి కన్న ఇయ్యాల నయమేనట."

"గట్లయితే మామూలే అమ్మా. కొత్తగ పెట్టినంక ముట్టు నొప్పి లెక్కనే కడుపుల గుంజుతది. కొన్ని దినాలు మరక గూడ ఉంటది. మూడు నాలుగు నెలలు ముట్టయినప్పుడు రక్తం కొద్దిగ ఎక్కువ పోతది. ఫికర్ చెయ్యొద్దని చెప్పుండ్రి. గీ గోలీలు ఇయ్యుండ్రి, వేడినీళ్ళ సీస పొట్ట మీద పెట్టుకొమ్మనుండ్రి."

ఇందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. కాకపోతే సగమే చెప్పింది. ఏది మామూలు కాదో చెప్పే రెండో సగం ఆమెకు తెలియక కాదు. చెబితే ఆడవాళ్ళు భయపడి తీసేయమని పరుగెత్తుకొస్తారని పైవాళ్ళు మీటింగు పెట్టి మరీ హెచ్చరించారు. పూర్వం, కాపర్ టీ కంటే ముందు, లూపు వచ్చినప్పుడు ఊరంతా పుకార్లు పుట్టి, పెట్టినవి పెట్టినట్టే తీయించుకున్నారట. అందుకని భయం పెట్టొద్దు, ధైర్యం చెప్పండి అన్నారు. పన్నెండేళ్ళుగా చెప్పి చెప్పి "మామూలే" అన్న మాట రాహేలు నాలుక మీద అరిగిపోయింది. పైగా చెప్పాల్సిన మనిషి గోడ వెనక ఉంటే, మధ్యలో ఉన్న మనిషికి ఎంతని చెబుతుంది? పుస్తకంలో "కుశలం" అని రాసుకుని లేచింది.

వెనక గదిలో సంగతి ఇది. మొదటి నాలుగు రోజులు కళావతికి నిజానికి హాయిగానే ఉంది. ఎనిమిది మందికి వండి వార్చే మనిషికి కూర్చోబెట్టి కంచం తోస్తే హాయి కాక ఏముంటుంది. నొప్పి కూడా రోజురోజుకూ తగ్గింది. కానీ ఆ ఇంట్లో మరక కనిపిస్తే మూడు రోజుల లెక్క మళ్ళీ మొదటికి వస్తుంది. ఇవాళ చుక్క కనిపిస్తే ఎల్లుండి దాకా, ఎల్లుండి మళ్ళీ కనిపిస్తే ఇంకో మూడు రోజులు. అలా లెక్క తెగక ఆమె గుమ్మం దాటలేదు. కంచం నేల మీద పెట్టి కర్రతో తోసేవారు. నీళ్ళు పైనుంచి వంచేవారు. మొగుడు గుమ్మానికి ఆరడుగుల దూరంలో నిలబడి "ఎట్లుంది?" అని అడిగి దుకాణానికి పోయేవాడు.

తొమ్మిదో రోజున తగ్గిన నొప్పి తిరిగి వచ్చింది. ఈసారి గుంజడం కాదు, పొత్తికడుపు రెండు వైపులా లోపల పుండు ఉన్నట్టు పోటు. తెల్లబట్ట ఎక్కువైంది, దాని వాసన ఆమెకే కడుపులో తిప్పేది. పన్నెండో రోజున వణుకు పట్టింది. "కడుపుల బాగ నొస్తున్నదత్తమ్మా," అంటే అత్త దూరం నుంచే "నర్సమ్మ మామూలే అన్నది గద, ఓర్సుకో," అంది. మొగుడు అడిగితే అతనికీ అదే జవాబు. చూడండి, రాహేలు సగం మాట ఆ ఇంట్లో ఎంత గట్టిగా పనిచేసిందో! ఒళ్ళు కాలిపోతున్నా ఒక్కరికీ తెలియలేదు. తెలియాలంటే నుదుటి మీద చెయ్యి వేయాలి. బయట కూర్చున్న మనిషి మీద ఎవరు వేస్తారు?

మార్చి ఇరవై మూడున రాహేలు మళ్ళీ వచ్చింది. నిజం చెప్పుకోవాలంటే కళావతి కోసం కాదు, కార్డు మీద ఆమె సంతకం కోసం. నెలాఖరు తనిఖీలో చూపించాలి. అరుగు మీద కూర్చుని కార్డు చాపితే వరమ్మ చేతులు వెనక్కి తీసుకుంది.

"ఇంకా బయటనే ఉన్నది. దాని చేతుల పడ్డ కాయితం నేనెట్ల పట్టుకుంట? సందులకెళ్ళి రమ్మంట, నువ్వే తీస్కో."

ఇంటి పక్క సందులోంచి కళావతి వచ్చింది. ఆ రాకడ చూసి రాహేలు పీట మీద నుంచి లేచి నిలబడింది. ఇరవై నాలుగేళ్ళ పిల్ల తొంభై ఏళ్ళ ముసలిదానిలా నడుము వంచుకుని, ఒక చెయ్యి గోడకు, ఒక చెయ్యి పొట్టకు ఆనించి, అడుగు తీసి అడుగు వేయడానికి తంటాలు పడుతోంది. పెదవులు ఎండి పొక్కులు లేచాయి. కలం ఇస్తే వేళ్ళ మధ్య నిలవక కింద పడింది. వంగి తీసుకోబోయి అక్కడే కూలబడింది.

రాహేలు చెప్పులు విడవలేదు, ఎవరినీ అడగలేదు. అరుగు దిగి సందులోకి ఉరికి ఆమె నుదుటి మీద చెయ్యి వేసింది. పెనం మీద పెట్టినట్టయింది.

"అయ్యో, దాన్ని ముట్టుకున్నవ్!" అని అరుగు మీద నుంచి వరమ్మ కేక వేసింది. "మళ్ళ నా అరుగెక్కకు, తానం చెయ్యాలె నువ్వు!"

ఆ కేకకు రాహేలుకు ఒళ్ళు మండింది. సంచిలోంచి థర్మామీటరు తీసి కళావతి చంకలో పెట్టింది. నూట మూడు దాటి ఉంది. గోడకు ఆనించి పడుకోబెట్టి పొత్తికడుపు మీద నాలుగు వేళ్ళు మెల్లగా ఆనించింది. ఆనించిందంతే, నొక్కనైనా లేదు. పిల్ల ఎగిరిపడి రాహేలు మణికట్టు పట్టుకుంది.

"ఎన్నడు మొదలైంది బిడ్డా గీ జ్వరం?"

"వారమాయె అక్కా. వాంతులు నిన్నటి సంది."

"నాకు కబురెందుకు పంపలే?"

"మామూలే అన్నవట గద."

రాహేలు సందు మొగదలకు పోయి రిక్షాను పిలుచుకొచ్చింది. "జల్దీ భాయ్, దవాఖానకు. గుంతలు చూసి పోనియ్, పిల్లకు పొట్టల నొప్పి."

వరమ్మ అడ్డం వచ్చింది. "కొడుకు దుకాణంల ఉన్నడు. వాడొచ్చి చెప్పినంక పోదురు. ఇంట్ల మొగోడు లేకుండ..."

"మీ కొడుకు వచ్చేదాంక ఆగితే దవాఖానకు గాదమ్మా, ఇంకో దిక్కు మోస్కపోవాలె! పందొమ్మిది దినాలు ఒక్కరు చెయ్యేసి చూడలే. ఇంట్ల బర్రె మేత ముట్టకపోతే ఒళ్ళు తడిమి చూస్తరు గద! మీ కోడలు బర్రె పాటి చెయ్యలేదా?"

లాల్‌దర్వాజాలో వరమ్మతో ఆ గొంతుతో మాట్లాడినవారు అంతకుముందు లేరు. చుట్టుపక్కల గుమ్మాల్లోకి తలలు వచ్చాయి. వరమ్మ ముఖం కందగడ్డ అయింది. కానీ రిక్షాలో తల వాల్చేసిన కోడలిని చూశాక ఆమె అడ్డు తప్పుకుంది. పక్కింటి పిల్లను దుకాణానికి కబురు చెప్పమని పంపి, కొంగు భుజాన వేసుకుని, రిక్షా వెనక పరుగులాంటి నడక అందుకుంది.

కేంద్రం ఫర్లాంగు దూరం. అక్కడ డాక్టరమ్మ బల్ల వెనక కాగితాల్లో తలదూర్చి ఉంది. రాహేలు సంగతి చెబుతూంటే తల ఎత్తలేదు.

"కాపర్ టీ వేసాక నొప్పి మామూలే కదా రాహేలూ. గోలీలు ఇచ్చి పంపించు."

"నూట మూడు జ్వరం మేడమ్. వాసనొస్తున్నది. వాంతులైతున్నయ్."

"ఎండలు మొదలయ్యాయి, ఏ వైరల్ జ్వరమో. తీసేయమని వచ్చారా? ఇప్పటికే ఈ నెలలో ఆరు తీశాం. ఒక్కటి తీస్తే ఒకటి మైనస్. ముప్పై ఒకటి దాటనివ్వు, అప్పుడు చూద్దాం."

రాహేలుకు పన్నెండేళ్ళ ఉద్యోగంలో మేడమ్‌కు ఎదురు చెప్పిన జ్ఞాపకం లేదు. చెవిటివాడి ముందు శంఖం ఊదడం వృథా అని ఆ రోజు వరకూ ఊరుకుంది. ఆ రోజు ఊరుకోలేకపోయింది.

"వాళ్ళత్త ముట్టుకోలే, మైల అని. నేను ముట్టుకోలే, నన్ను అరుగు దాటనియ్యలేదని. మీకేమడ్డమొచ్చింది మేడమ్? ఆ పొట్ట మీద ఒక్కసారి చెయ్యి పెట్టుండ్రి. పెట్టినంక గూడ మామూలే అంటే నేనే ఇంటికి తీస్కపోత, మళ్ళ మాట్లాడ."

గదిలో ఉన్నవాళ్ళందరూ అటు చూశారు. డాక్టరమ్మ విసుగ్గా లేచింది. బల్ల మీద పడుకున్న కళావతి దగ్గరకు వెళ్ళి పొత్తికడుపు మీద చెయ్యి పెట్టింది. మెల్లగా నొక్కి, చటుక్కున వదిలింది. వదిలినప్పుడు కళావతి అరిచిన అరుపుకు బయట వరుసలో ఉన్న ఆడవాళ్ళు లేచి నిలబడ్డారు. డాక్టరమ్మ ముఖంలో విసుగు మాయమైంది. చేతులు కడుక్కోవడం కూడా మరిచి కాగితం లాక్కుని పెద్దాసుపత్రికి చీటీ రాసింది. "ఆటోలో తీసుకెళ్ళు. లోపల గట్టిగా ఇన్ఫెక్షన్ పట్టింది. కాపర్ టీని ఇక్కడ నేను ముట్టుకోకూడదు, సెలైన్ కావాలి, ఇంజెక్షన్లు కావాలి. త్వరగా." తన పని తనకు తెలిసిన మనిషే. చెయ్యి పెట్టడానికే ఇంత లొల్లి కావలసి వచ్చింది.

పెద్దాసుపత్రిలో సెలైన్ ఎక్కించారు, సూదుల మీద సూదులు వేశారు, మందు ఒంట్లోకి పోవడం మొదలయ్యాక కాపర్ టీ తీసేశారు. గర్భసంచి నుంచి పైకి పోయే గొట్టాల్లోకి చీము పాకిందని, ఇంకో రెండు రోజులు ఆగి ఉంటే అది కడుపులో పగిలి మనిషి దక్కేది కాదని అక్కడి డాక్టరు సోమశేఖర్‌కు చెప్పాడు. కోయకుండానే మందులతో తగ్గేలా ఉందన్నాడు. మళ్ళీ పిల్లలు కావాలనుకుంటే ఇబ్బంది కావచ్చు, ఇప్పుడే చెప్పలేమన్నాడు. సోమశేఖర్ గోడకు ఆనుకుని పిల్లాడిలా ఏడ్చాడు. గుమ్మానికి ఆరడుగుల దూరంలో నిలబడి పందొమ్మిది రోజులు పలకరించిన మొగుడు!

వరమ్మ మాత్రం ఏడవలేదు, తిట్టింది. "కొండ నాలుకకు మందేస్తె ఉన్న నాలుక ఊడినట్టయింది. మీ కాపర్ టీ లు పాడుగాను!"

"కాపర్ టీ ది గాదు తప్పు," అంది రాహేలు. "ఈ గల్లీల ఎనభై మందికి ఉన్నది, సుఖంగనే ఉన్నరు. లోపల జబ్బున్నదని చూడకుండ వేసినం, గది మా తప్పు. జబ్బు ముదిరినంక ఎవరం చూడలే. గది మనందరి తప్పు."

ఐదో రోజుకు జ్వరం దిగింది. ఎనిమిదో రోజు సాయంత్రం రాహేలు డ్యూటీ దిగి ఆసుపత్రికి వెళ్ళేసరికి కళావతి దిండుకు ఆనుకుని జావ తాగుతోంది. గ్లాసు పట్టుకున్నది వరమ్మే. ఆ వార్డులో మైల అంటే నవ్వే నర్సులు, పక్క మంచం వాళ్ళూ ఉన్నారు, దూరంగా నిలబడే వీలు లేదు.

రాహేలు మంచం అంచున కూర్చుంది. క్షమించమని అడగాలని దారంతా అనుకుంటూ వచ్చింది. కళావతి ఆ అవకాశం ఇవ్వలేదు.

"అక్కా, ఒక మాట అడుగుత. ఇంటికి పోయినంక వేరే ఆడోళ్ళు నన్నడిగితే ఏం చెప్పాలె? నొప్పి మామూలే అని చెప్పాల్నా, పెట్టించుకోవద్దని చెప్పాల్నా?"

"రెండు గూడ చెప్పకు," అంది రాహేలు. "గిట్ల చెప్పు. మొదటి దినాలు ముట్టు నొప్పి లెక్క గుంజితే, దినదినం తగ్గుకుంట పోతే, అది మామూలే. కొద్దిగ మరక మామూలే. కొన్ని నెలలు ముట్టు ఎక్కువైనా మామూలే, మరీ నిలవకుండ పోతే మాత్రం చూపించుకోవాలె. తగ్గిన నొప్పి మళ్ళొచ్చినా, దినదినం పెరిగినా, జ్వరమొచ్చినా, వాసనొచ్చినా, మొగుడు దగ్గరికొస్తె లోపల నొప్పి లేసినా ఆ దినమే దవాఖానకు రావాలె. ముట్టు తప్పి ఒక పక్కన నొప్పి లేస్తే, కండ్లు తిరిగితే, ఒక్క గంట గూడ ఆగొద్దు. లోపల చిన్న దారం ఉంటది, ముట్టయి తానం చేసినంక వేలితోని చూసుకోవాలె. అది దొరకకపోయినా, పొడుగైనట్లనిపించినా, గట్టిగ పుల్ల లెక్క తగిలినా రావాలె. వచ్చినోళ్ళను ఎవరన్న మామూలే అని పంపిస్తే, చెయ్యి పెట్టి చూసి చెప్పుమనాలె."

వరమ్మ గ్లాసు పట్టుకుని మొదటి నుంచి చివరి దాకా విన్నది.

కళావతి రాహేలు ముఖంలోకి చూసింది. ఆ చూపులో కోపం లేదు. ఉంటే రాహేలుకు కాస్త సుఖంగా ఉండేది.

"గింతేనా అక్కా," అంది. "గీ మాట చెప్పనీకె అర నిమిషం పట్టింది."